ర్యాంకు పిల్లాడిది, రివ్యూ కోచింగ్‌ది

"మావాడికి తొంభై ఆరు పర్సెంటైల్ వచ్చిందండీ. ఇంతకంటే ఏం రాయమంటారు?"

కద్మాలో కోచింగ్ సంగతి రాసిపెట్టమని ఎవరినడిగినా వచ్చే జవాబు ఇది. సీటు రానివాళ్ళు దీన్నే తిరగేసి చెబుతారు: "మాకే రాలేదు, మేం చెప్తే ఎవరు వింటారు లెండి." కోచింగ్ సెంటర్ మంచిచెడ్డలకు ఫలితమే సాక్ష్యమనీ, ర్యాంకు వచ్చిన పిల్లాడి తండ్రి మాటే మాటనీ, మిగతాదంతా కబుర్లనీ ఇద్దరూ నమ్ముతున్నారు. బిష్టుపూర్‌లోనూ సాక్చిలోనూ కూడళ్ళ నిండా కనిపించే పాస్‌పోర్టు ఫొటోల హోర్డింగులు నిలబడింది కూడా ఈ నమ్మకం మీదే. నేను దీన్ని ఒప్పుకోను. పిల్లాడి ర్యాంకు మీద కట్టిన రివ్యూని ఎంత నిజాయితీగా రాసినా, రెండు సంస్థల్లో ఏది ఎంచుకోవాలో తేలక తిప్పలుపడుతున్న పక్కింటివాళ్ళకు అది ఎందుకూ పనికిరాదు.

మన జంషెడ్‌పూర్ పరిస్థితి వేరు కాబట్టి ఈ రివ్యూల అవసరమూ ఎక్కువే. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటర్ కాలేజీయే కోచింగ్ కూడా. ఒక్కచోట చేర్పిస్తే రెండూ అందులోనే వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు టాటా కంపెనీకి వచ్చి స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలు ఇక్కడ పగలు సీబీఎస్ఈ బడికో ఐసీఎస్ఈ బడికో పోయి, సాయంత్రం ఆటో ఎక్కి బిష్టుపూర్‌లో కోచింగ్‌కి పోతారు. బడి ఒక నిర్ణయమైతే కోచింగ్ మరో నిర్ణయం. ఈ రెండోదానికి విచారించడానికి మనకున్న వాళ్ళు తోటి తల్లిదండ్రులే. రామమందిరంలో దర్శనమయ్యాక అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేదీ, బి షిఫ్టు దిగి రాత్రి పదింటికి గేటు దగ్గర టీ తాగుతూ చెప్పుకునేదీ ఇదే. ఆ మాటల్లో అంకె తప్ప ఇంకేమీ ఉండకపోవడమే నా ఫిర్యాదు.

ముందు ఆ అంకె సంగతే చూద్దాం. ఒక సంస్థ "మా దగ్గర నూటికి అరవై మంది నీట్ క్వాలిఫై" అంటుంది. అరవై అనగానే ఫస్ట్ క్లాసు అనిపిస్తుంది మనకు. 2025లో దేశం మొత్తం మీద నీట్ రాసినవాళ్ళు 22 లక్షల పైచిలుకు, క్వాలిఫై అయినవాళ్ళు 12 లక్షల పైచిలుకు. అంటే కోచింగ్ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి లెక్కేసినా నూటికి యాభై ఐదారుగురు క్వాలిఫై అయినట్టే. జనరల్ కోటాలో గీతను యాభయ్యో పర్సెంటైల్ దగ్గరే గీస్తారు కాబట్టి అంతమంది గట్టెక్కడంలో వింతేమీ లేదు. ఎంబీబీఎస్ సీట్లు మాత్రం దేశమంతటికీ లక్ష పైచిలుకే. క్వాలిఫై కావడానికీ సీటు రావడానికీ ఇంత దూరముంటే, హోర్డింగు ఆ రెంటినీ ఒకే రంగులో అచ్చేస్తుంది. మన తల్లిదండ్రులు అదే మాటను రివ్యూలోకి ఎత్తి రాస్తారు.

జేఈఈ మెయిన్ పర్సెంటైల్‌దీ ఇదే కథ. పద్నాలుగు లక్షల మంది రాసిన ఏడాదిలో తొంభై ఆరు పర్సెంటైల్ అంటే మీవాడి ముందు దాదాపు 56 వేల మంది ఉన్నట్టు. అది చిన్న విషయమని నేననను. ఆదిత్యపూర్‌లోని ఎన్ఐటీలో సగం సీట్లు జార్ఖండ్ పిల్లలకే కాబట్టి ఇక్కడివాళ్ళకు ఆ అంకె బయటివాళ్ళకంటే కాస్త ఎక్కువే పలుకుతుంది. అంకెను వివరంగా చెప్పుకుంటే పరవాలేదు. అయితే ఎంత వివరంగా చెప్పినా అది పిల్లాడి గురించిన అంకెగానే ఉంటుంది. కోచింగ్ గురించి మనకు తెలియాల్సింది వేరు.

అసలు పేచీ ఇక్కడే. పెద్ద సంస్థలు పిల్లల్ని చేర్చుకునే ముందు స్కాలర్‌షిప్ టెస్ట్ పెడతాయి. బాగా రాసినవాడికి ఫీజులో సగమో ముప్పావో తగ్గిస్తాయి, కొందరికి పూర్తిగా మాఫీ చేస్తాయి. వాళ్ళందరినీ ఒక బ్యాచ్‌లో వేసి దానికో ఘనమైన పేరు పెడతాయి, మంచి మాస్టార్లను దానికి కేటాయిస్తాయి. రెండేళ్ళ తరవాత వచ్చే ర్యాంకుల్లో ఎక్కువ భాగం ఆ బ్యాచ్‌లోంచే వస్తాయి. ఆ పిల్లలు చేరేనాటికే ముందున్నవాళ్ళు. పొడుగు కుర్రాళ్ళను ఏరి చేర్చుకున్న హాస్టలు, మా మెస్సు భోజనం తిని పొడుగయ్యారని బోర్డు పెట్టుకున్నట్టుంటుంది ఈ వ్యవహారం.

లెక్క కట్టి చూస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. కింది అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి, ఏ సంస్థవీ కావు. ఒక పెద్ద సంస్థలో 200 మంది పిల్లలు, 30 మందికి మంచి సీట్లు వచ్చాయనుకుందాం. పక్క సందులోని చిన్న సంస్థలో 60 మంది, సీట్లు 9 మందికి. రెండుచోట్లా నూటికి పదిహేనే. హోర్డింగు మీద మాత్రం 30 ఫొటోలు ఒకచోట, 9 ఫొటోలు ఒకచోట. మనం ముప్పైకే దణ్ణం పెడతాం. ఇప్పుడు పెద్ద సంస్థని విడగొట్టి చూడండి. ఏరిన బ్యాచ్‌లో 40 మంది ఉంటే అందులో 24 మందికి సీట్లు వచ్చాయి. మిగిలిన 160 మంది మామూలు బ్యాచ్‌లలో సీటు దక్కింది ఆరుగురికే, అంటే నూటికి నలుగురు కూడా లేరు. చిన్న సంస్థ ఎవర్నీ ఏరుకోలేదు, అక్కడున్నవాళ్ళంతా మామూలు పిల్లలే, నూటికి పదిహేనుమంది గట్టెక్కారు. మీ అబ్బాయి స్కాలర్‌షిప్ టెస్టులో పై నలభైలో లేకపోతే, మీరు పోల్చుకోవాల్సింది 30నీ 9నీ కాదు, నాలుగునీ పదిహేనునీ. ఏ హోర్డింగూ ఆ నాలుగు అన్న అంకెను అచ్చువేయదు. ఏరిన బ్యాచ్‌లో చదివిన పిల్లాడి తండ్రి రాసే రివ్యూలోనూ అది ఉండదు. ఆయనేమీ అబద్ధమాడడు, తాను చూసిందే రాస్తాడు. ఆయన చూసిన కోచింగ్ వేరు, పక్కగదిలో 160 మంది చూసిన కోచింగ్ వేరు.

"మంచి పిల్లల మధ్య ఉంటే మావాడూ బాగుపడతాడు" అని దీనికొక సమాధానం ఉంది. ఇది వట్టి ఆశేనా, నిజంగా జరుగుతుందా అన్నది కొన్నిచోట్ల పరీక్షించి చూశారు. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశ పరీక్ష రాసి చేరాల్సిన ప్రభుత్వ బడులున్నాయి. కటాఫ్ కంటే ఒకటి రెండు మార్కులు ఎక్కువొచ్చి చేరినవాళ్ళనీ, ఒకటి రెండు మార్కుల్లో తప్పిపోయి మామూలు బళ్ళకు పోయినవాళ్ళనీ పోల్చి చూశారు అబ్దుల్‌కదిరోగ్లూ, యాంగ్రిస్ట్, పాఠక్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు. 2014లో ఎకనోమెట్రికా పత్రికలో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, చేరినవాళ్ళ పక్కన కూర్చున్న పిల్లలు చాలా మెరుగైనవాళ్ళు, అయినా తరవాతి పరీక్షల్లో ఈ రెండు గుంపుల మార్కుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి బడులు, కోచింగులు కావు. ఆ ఫలితం కూడా గీత దగ్గర ఉన్న పిల్లలకే వర్తిస్తుంది. ఆ మేరకు తగ్గించుకుని తీసుకున్నా సరే, పేరున్న గుమ్మం దాటితే చాలుననే ధీమాకి అది పెద్ద దెబ్బ.

ఇక ఫొటోల సంగతి. సివిల్స్ 2022 ఫలితాల్లో ఎంపికైనవాళ్ళు 933 మంది. అందులో 682 మంది మావాళ్ళేనని దిల్లీలోని ఖాన్ స్టడీ గ్రూప్ ప్రకటన వేసుకుంది. కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ సీసీపీఏ విచారిస్తే, ఆ 682లో 674 మంది అక్కడ తీసుకున్నది ఉచితంగా ఇచ్చే నమూనా ఇంటర్వ్యూ మాత్రమేనని తేలింది. ప్రిలిమ్స్, మెయిన్స్ గట్టెక్కి వచ్చినవాడికి చివర్లో ఒక మాక్ ఇంటర్వ్యూ చేసి, ఫొటో హోర్డింగెక్కించారన్నమాట. 2023లో ఆ సంస్థకు అయిదు లక్షల జరిమానా పడింది. అది దిల్లీ, అది సివిల్స్ అని తేలిగ్గా తీసుకోవద్దు. టెస్ట్ సిరీస్ మాత్రమే కొనుక్కున్న పిల్లాడూ, చివరి రెండు నెలల క్రాష్ కోర్సుకి వచ్చిన పిల్లాడూ, రెండేళ్ళు క్లాసులో కూర్చున్న పిల్లాడూ జేఈఈ, నీట్ హోర్డింగుల మీద ఒకే వరసలో ఉంటారు. ఒకే ర్యాంకరు ముఖం రెండు మూడు సంస్థల బోర్డుల మీద నవ్వడం మన తెలుగు రాష్ట్రాల వాళ్ళకు కొత్తేమీ కాదు. ఎంపికైన అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నాడో, అది డబ్బు కట్టిందో ఉచితమో ప్రకటనలో చూపాలని 2024 నవంబరు 13న సీసీపీఏ మార్గదర్శకాలు తెచ్చింది. హోర్డింగుకే ఈ నియమం ఉన్నప్పుడు, మన చేత్తో మనం రాసే రివ్యూకి ఆ మాత్రం నియమం ఎందుకుండకూడదు?

అందుకని రివ్యూలో మొట్టమొదట రాయాల్సింది పిల్లాడు ఎక్కడ మొదలయ్యాడు, ఏ బ్యాచ్‌లో కూర్చున్నాడు అన్న రెండు సంగతులు. ఎక్కడ తేలాడన్నది చివర్లో ఒక వాక్యం చాలు, అది లేకపోయినా నష్టం లేదు.

ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరం గట్టిదే. "మేం ఫిజిక్స్ చదివినవాళ్ళమా? పాఠం బాగా చెప్పారో లేదో మాకేం తెలుస్తుంది? తెలిసేది ఫలితమొక్కటే కదా" అంటారు. రోలింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేసే తండ్రీ, ఇల్లు చూసుకునే తల్లీ ఈ మాట అంటే కాదనలేం. అయితే పాఠం నాణ్యతను తూచమని వాళ్ళనెవరూ అడగడం లేదు. పాఠం జరిగిందా, ఎన్ని రోజులు జరిగింది, ఎవరు చెప్పారు అనేవి తూచాల్సిన సంగతులు కావు, చూసి రాయాల్సినవి. వాటికి ఫిజిక్స్ రానక్కర్లేదు. అవి ఇంట్లోనే, పిల్లాడి బల్ల మీదే ఉన్నాయి.

క్లాసు నోట్సు తీయండి. చాలామంది పిల్లలు పేజీ మీద తారీఖు వేస్తారు. వెయ్యకపోతే మొదటిరోజు నుంచే వెయ్యమని చెప్పండి, రెండేళ్ళలో మీరు వాడిని అడగాల్సిన సాయం ఇదొక్కటే. రొటేషనల్ మోషన్ అనేది జేఈఈ ఫిజిక్స్‌లో పిల్లల్ని ఏడిపించే పాఠం. దానికి ఎన్ని తారీఖులున్నాయో లెక్కపెట్టండి. ఒకచోట పది పన్నెండు క్లాసులు పట్టిన పాఠం ఇంకోచోట నాలుగు తారీఖుల్లో ముగిసిపోతే అది తెలియడానికి టార్క్ అంటే ఏమిటో మీకు తెలియక్కర్లేదు. రెండు తారీఖుల మధ్య మూడు వారాల ఖాళీ ఉందా? దసరా, ఛఠ్ సెలవులకి మించిన ఖాళీ అయితే పిల్లాడిని అడగండి. చాలాసార్లు "ఆ సార్ వెళ్ళిపోయారు, కొత్త సార్ రావడానికి టైం పట్టింది" అంటాడు. నోట్సు రాసే పద్ధతి ఉన్నట్టుండి మారినా అంతే, అక్కడో మాస్టారు మారి ఉంటారు. ఏ పాఠాలు ఫిబ్రవరిలో వారానికొకటి చొప్పున పరిగెత్తాయో, ఏవి అసలు మొదలే కాలేదో చివరి పేజీలు చెబుతాయి. సిలబస్ పూర్తిచేశామని సంస్థ చెప్పే మాటకీ ఈ పేజీలకీ తేడా ఉంటే, రివ్యూలో రాయాల్సింది పేజీల్లో ఉన్నది.

తరవాత టెస్టు పేపర్లు. మార్కులు ఎన్ని రోజులకు చెప్పారన్నది కంప్యూటర్ చూసుకునే పని, దానికి మురిసిపోనక్కర్లేదు. ఆ పేపరును క్లాసులో మాస్టారు మళ్ళీ తీసి తప్పులు చెప్పారా అన్నది అసలు ప్రశ్న. చర్చ జరిగిన పేపరు మీద పిల్లాడి చేతిరాత ఉంటుంది, మార్జిన్‌లో సరైన పద్ధతి రాసి ఉంటుంది. జరగని పేపరు మడత విప్పకుండా ఉంటుంది. పది పేపర్లు తీసి చూడండి, ఎన్నింటి మీద రాత ఉందో తెలిసిపోతుంది.

మూడోది క్లాసులో తలకాయలు. చేరినప్పుడు ఎంతమంది, ఏడాదిన్నర తరవాత ఎంతమంది, పోయినవాళ్ళు ఎటు పోయారు అని అడిగితే పిల్లలకి కచ్చితంగా తెలుస్తుంది, ఎవడు ఏ బెంచీలో కూర్చునేవాడో కూడా చెబుతారు. సంస్థ మాత్రం ఈ లెక్క ఎన్నడూ బయటపెట్టదు. ఎందుకంటే మధ్యలో మానేసినవాళ్ళు భాగహారంలో కింద ఉండాల్సిన అంకె. వాళ్ళను తీసేస్తే శాతం తనంతట తానే పెరుగుతుంది.

ఇక చూడండి, మనం ఇప్పుడు రాసుకునే రివ్యూ ఎలా ఉంటుందో: "ఫ్యాకల్టీ చాలా మంచివాళ్ళు. వాతావరణం బాగుంది. స్టడీ మెటీరియల్ సూపర్. మావాడికి 96 వచ్చింది. అందరికీ చెబుతున్నాను, చేర్పించండి." ఇందులో సంస్థ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆ తండ్రే, అదే పిల్లాడి గురించి, నోట్సు ముందు పెట్టుకుని రాస్తే ఇలా ఉండొచ్చు:

"2023 ఏప్రిల్‌లో చేరాడు, జేఈఈ రెండేళ్ళ కోర్సు, సాయంత్రం మామూలు బ్యాచ్. చేరేనాటికి పదోతరగతి లెక్కల్లో 81. స్కాలర్‌షిప్ టెస్టులో ఫీజు 20 శాతం తగ్గించారు. మొదట్లో క్లాసులో 54 మంది. రెండో ఏడు డిసెంబరుకి 33. ఎనిమిదిమందిని పై బ్యాచ్‌కి తీసుకున్నారు, మిగతా 13 మంది మానేశారు. ఫిజిక్స్ మాస్టారు రెండేళ్ళూ ఒకరే, డౌటు అడిగితే క్లాసయ్యాక నిలబడి చెప్పేవారు. కెమిస్ట్రీకి ముగ్గురు మారారు, ఒకసారి మూడు వారాలు క్లాసే లేదు. ఆర్గానిక్‌లో చివరి రెండు పాఠాలు చెప్పలేదు, వీడియోలు చూసుకోమన్నారు. ఆదివారం టెస్టు పేపర్లలో క్లాసులో చర్చించినవి సగం ఉంటాయి. చెప్పిన ఫీజు లక్షా యాభై వేలు, జీఎస్టీతో కట్టింది లక్షా డెబ్భై ఏడు వేలు. నాకు సంస్థ నుంచి ఏమీ ముట్టలేదు. మెయిన్‌లో 96."

ఈ రెండో రివ్యూ ఆ సంస్థను తిట్టడమూ లేదు, పొగడటమూ లేదు. కానీ చదివినవాళ్ళకి చేతిలో పని మిగులుతుంది. అమ్మాయికి కెమిస్ట్రీ బలహీనం అనుకునే తల్లి ఇది చదివి నేరుగా ఆఫీసుకి వెళ్ళి "కెమిస్ట్రీ సార్ ఎవరు, ఎప్పటి నుంచి ఉన్నారు?" అని అడుగుతుంది. ఫిజిక్స్ కోసం వెతికే తండ్రి ఆ మాస్టారు ఇంకా ఉన్నారా అని కనుక్కుంటాడు. ఇలాంటివి మూడు నాలుగు సంస్థల గురించి ఒకే వరసలో ఉంటే పోల్చడం మొదలవుతుంది. జీఎస్టీ వాక్యమొకటి చిన్నగా కనిపిస్తుంది గానీ, కోచింగ్ మీద పన్ను 18 శాతం. ఒకరు పన్ను కలిపి, ఒకరు కలపకుండా రాస్తే లక్షన్నర ఫీజులో ఇరవై ఏడు వేల తేడా ఉత్తిపుణ్యానికి పుడుతుంది. పైగా స్కాలర్‌షిప్ రాయితీ ఎంతో చెప్పకుండా "ఫీజు తక్కువే" అని రాయడం మిగతావాళ్ళని దారి తప్పించడమే.

"నాకేమీ ముట్టలేదు" అన్న వాక్యాన్ని కూడా తేలిగ్గా తీసెయ్యకండి. తెలిసినవాళ్ళని చేర్పిస్తే ఫీజులో తగ్గింపు ఇచ్చే సంస్థలున్నాయి. తగ్గింపు తీసుకున్నవాళ్ళు రివ్యూ రాయకూడదని నేననను, తీసుకున్న సంగతి రాస్తే చాలు. చదివేవాళ్ళు ఎంత తగ్గించుకోవాలో అంత తగ్గించుకుంటారు.

నిష్పక్షపాతం అంటే మూడు మంచిమాటలు, మూడు చెడ్డమాటలు సమానంగా రాయడం అని ఇంకో భ్రమ ఉంది మనవాళ్ళకి. "అంతా చెడే రాస్తే బాగోదు బావగారూ, వాళ్ళకీ పిల్లలున్నారు" అని మా వరసలో ఒకాయన అన్నారు. మూడు వారాలు క్లాసు జరగకపోతే, దానికి తోడుగా ఏసీ బాగా పనిచేసిందని రాసినంత మాత్రాన న్యాయం జరగదు. మీరు రాసింది మీ పిల్లాడికే కాక పక్క బెంచీ పిల్లాడికి కూడా వర్తిస్తుందా అని చూసుకోండి. అందులోనే న్యాయముంది. "మావాడిని సార్ పట్టించుకోలేదు" అన్నది మీ అనుభవం, అది నిజమే కావచ్చు, కానీ దాన్ని పక్కవాళ్ళకి అన్వయించలేం. "క్లాసులో 54 మందికి డౌట్ క్లాసు వారానికి ఒక గంట" అన్నది అందరికీ వర్తించేది, దాన్ని ఎవరైనా వెళ్ళి సరిచూసుకోవచ్చు కూడా. చూసినదానికీ అనిపించినదానికీ మధ్య ఈ గీత గీసుకుంటే పరువునష్టం దావా భయమూ చాలామటుకు తీరుతుంది. రసీదు ఉన్నదీ, తారీఖు ఉన్నదీ రాస్తే ఆ మాట మీద నిలబడటం తేలిక. "దొంగలు" అని రాస్తేనే చిక్కు.

ఫీజు వాపసు దగ్గర ఈ క్రమశిక్షణ మరీ అవసరం, ఎందుకంటే కోపం ఎక్కువగా వచ్చేది అక్కడే. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పూర్తి ఫీజు కట్టిన పిల్లాడు మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కకట్టి పది రోజుల్లో తిరిగివ్వాలి. కోర్సు నడుస్తుండగా ఫీజు పెంచకూడదు, పదోతరగతి పరీక్ష కానివాళ్ళని చేర్చుకోకూడదు. ఇవి రాష్ట్రాలు అమలు చేయాల్సిన మార్గదర్శకాలు, నేరుగా పట్టుకుని కోర్టుకెళ్ళే చట్టం కాదు. అందుకే రివ్యూలో "మోసం చేశారు" కంటే "ఫలానా నెలలో మానేశాం, ఇంత అడిగాం, ఇన్ని వారాలకి ఇంత ఇచ్చారు, లేదా ఇవ్వలేదు" అన్నది విలువైనది. ఇవ్వకపోవడానికి సంస్థ చెప్పిన కారణం కూడా ఒక వాక్యంలో రాయాలి. మీకు నచ్చని కారణమైనా సరే.

బ్యాచ్‌ల విషయంలోనూ అడిగి రాయాల్సింది ఒకటుంది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టవద్దనీ, పదిమందిలో అవమానపరచవద్దనీ కోచింగ్ సంస్థలకు చెప్పింది. మీ సంస్థలో టెస్టు టెస్టుకీ పిల్లల్ని పైకీ కిందికీ మారుస్తున్నారా, మార్కుల జాబితా పేర్లతో సహా గోడకి అంటిస్తున్నారా అన్నది గుమ్మంలో నిలబడితే కనిపించే సంగతి. "క్రమశిక్షణ బాగుంది" అని దీన్నే ఇంకో పేరుతో పొగిడే రివ్యూలు నేను చదివాను. జాబితా గోడ మీద ఉందని రాస్తే చాలు, అది క్రమశిక్షణో కాదో చదివేవాళ్ళు తేల్చుకుంటారు.

చివరగా, ర్యాంకుని నమ్మేవాళ్ళు మరిచిపోయే సంగతి కాలం. 2025లో వచ్చిన ర్యాంకు 2023లో చేరిన పిల్లాడిది. వాడికి చెప్పిన మాస్టార్లు ఈపాటికి ఎక్కడున్నారో తెలియదు. ఈ వ్యాపారంలో సరుకంతా మాస్టార్లే, వాళ్ళు వెళ్ళిపోతే మిగిలేది బోర్డు. 2025 జనవరిలో నోయిడా, ఘజియాబాద్, పట్నా వంటి చోట్ల ఫిట్‌జీ కేంద్రాలు ఉన్నట్టుండి మూతపడ్డాయి. జీతాలు అందక అధ్యాపకులు వెళ్ళిపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి. దశాబ్దాల ర్యాంకుల చరిత్ర ఉన్న పేరు అది. పాత ర్యాంకులు చూసి ముందే మొత్తం ఫీజు కట్టేసిన తల్లిదండ్రులు పరీక్షల ముందు రోడ్డు మీద నిలబడ్డారు. అక్కడి పిల్లల నోట్సుల్లో తారీఖుల మధ్య ఖాళీలు పెరుగుతున్నాయని ఎవరైనా అంతకుముందే రాసిపెట్టి ఉంటే, కనీసం కొందరైనా వాయిదాల్లో కడతామని పట్టుబట్టి ఉండేవాళ్ళు.

కాబట్టి రివ్యూ మీద తారీఖు వెయ్యండి, మాస్టార్ల సబ్జెక్టూ, వాళ్ళెప్పటి నుంచి ఉన్నారన్నదీ రాయండి. ఏ మాస్టారి గురించి రాశారో ఆయన వెళ్ళిపోయినట్టు తెలిస్తే పైన ఒక గీత కొట్టి "ఈయన ఇప్పుడు లేరు" అని చేర్చండి. ఆ రెండో రివ్యూలో మానేసిన 13 మంది లాంటివాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళి ఒక పేజీ రాయమని అడగండి. సోనారీలో ఇద్దరు, ఉలియాన్‌లో ఒకరు, ఇలా పిల్లాడికి వాళ్ళ ఇళ్ళన్నీ తెలుసు. ఏ సంస్థ ఎక్కడ తడబడిందో ఎక్కువగా తెలిసినవాళ్ళు వాళ్ళే. ఇంతవరకూ వాళ్ళనెవరూ అడగలేదు.